కోడ్ మారలేదు, ఆర్డర్లు ఎందుకు తిరిగొస్తున్నాయి: లాట్, టిక్, ఫ్రీజ్ పరిమితుల లెక్క

నిఫ్టీ ఆప్షన్లలో తనంతట తానే ఆర్డర్లు పెట్టే ప్రోగ్రామ్ ఒకటి 2025 సంవత్సరమంతా ఏ ఇబ్బందీ లేకుండా నడిచిందనుకుందాం. 2026 జనవరి మొదటి వారంలో అదే ప్రోగ్రామ్, ఒక్క అక్షరం మార్చకపోయినా, పెట్టిన ఆర్డర్లన్నీ రిజెక్ట్ అయ్యాయని చూపిస్తుంది. ఇంటర్నెట్ బాగానే ఉంటుంది, ఖాతాలో మార్జిన్ ఉంటుంది, లాగిన్ కూడా సరిగ్గానే జరిగి ఉంటుంది. కోడ్‌లో 75 అని రాసి ఉన్న చోట ఎన్‌ఎస్‌ఈ 65 కోరుతోంది. తేడా అంతే.

చేత్తో ఆర్డర్ పెట్టేవారికి ఈ మార్పు పెద్దగా తెలియదు. యాప్‌లో ప్లస్ గుర్తు నొక్కితే సంఖ్య దానంతటదే 65, 130, 195 అని పెరుగుతుంది. సొంతంగా లెక్క వేసుకుని పంపే ప్రోగ్రామ్‌కు ఆ సౌకర్యం లేదు. అది పంపే ప్రతి సంఖ్యా ఎక్స్‌ఛేంజి ఒప్పుకునే సంఖ్యల్లో ఒకటి కావాలి. ఆ సంఖ్యలను నిర్ణయించే నియమాలు మూడు ఉన్నాయి. విడివిడిగా చూస్తే మూడూ తేలికైనవే గానీ, ఒకదానితో ఒకటి కలిసే చోట చిక్కులు మొదలవుతాయి.

మూడు మాటల అర్థం

లాట్ అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ కాంట్రాక్టులను కొనడానికీ అమ్మడానికీ వీలైన అతి చిన్న పరిమాణం. నిఫ్టీ లాట్ 65 అయితే ఆర్డర్‌లోని సంఖ్య 65 గానీ దాని గుణిజం గానీ కావాలి; 60 చెల్లదు, 100 చెల్లదు. అంటే కనీస ఆర్డర్ పరిమాణం, ఆ తర్వాత పెంచే మెట్టు, రెండూ ఇక్కడ ఒకటే. నగదు మార్కెట్లో సాధారణ కంపెనీల షేర్లను ఒక్కటైనా కొనవచ్చు కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు. చిన్న, మధ్యతరహా సంస్థల కోసం ఉన్న ఎస్‌ఎంఈ విభాగంలో మాత్రం షేర్లు కూడా లాట్లలోనే చేతులు మారతాయి.

టిక్ అంటే ధర కదలగలిగే అతి చిన్న మెట్టు. నిఫ్టీ ఆప్షన్లకు అది 5 పైసలు. 164.85 అన్న ధర చెల్లుతుంది, 164.90 చెల్లుతుంది, 164.87 చెల్లదు.

ఫ్రీజ్ పరిమాణం అంటే ఒక్క ఆర్డర్‌లో పంపగలిగే గరిష్ఠ సంఖ్య. పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టినవారి ఆర్డర్ మార్కెట్‌ను కుదిపేయకుండా ఎక్స్‌ఛేంజి పెట్టిన అడ్డుకట్ట ఇది. నిఫ్టీకి చాలాకాలంగా ఈ పరిమితి 1800. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఆర్డర్‌ను ముక్కలు చేసి పంపాలి.

లాట్ ఎందుకు మాటిమాటికీ మారుతుంది

ఈ సంఖ్యల వెనుక ఉన్నది రూపాయల లెక్క. ఇండెక్స్ స్థాయిని లాట్‌తో గుణిస్తే కాంట్రాక్టు విలువ వస్తుంది, ఆ విలువ ఎంత ఉండాలో సెబీ చెబుతుంది. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్‌కు ముందు కనీస విలువ 5 లక్షల రూపాయలు. నిఫ్టీ 24,000 దగ్గర ఉంటే 25 లాట్‌కు 6 లక్షలు వచ్చేది. ఆ సర్క్యులర్ కనీస విలువను 15 లక్షలకు పెంచి, సమీక్షించిన రోజున విలువ 15 నుంచి 20 లక్షల మధ్య ఉండేలా లాట్‌ను నిర్ణయించమంది. 24,000ను 75తో గుణిస్తే 18 లక్షలు. అలా 75 వచ్చింది. ఇండెక్స్ 26,000 వైపు పెరిగేసరికి అదే 75 లాట్ విలువ 19.5 లక్షలకు చేరి పైగీతకు దగ్గరపడింది. 65కు దించితే 16.9 లక్షలు. 2025 అక్టోబరులో ఎన్‌ఎస్‌ఈ ప్రకటించిన మార్పు ఇదే. బ్యాంక్ నిఫ్టీ కూడా అదే సమయంలో 35 నుంచి 30కి తగ్గింది.

పెద్ద లాట్ మంచిదా కాదా అన్నదానిపై మార్కెట్లో ఏకాభిప్రాయం లేదు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. నష్టాన్ని తట్టుకోలేనివారిని కాస్త దూరంగా ఉంచడానికి ప్రవేశ రుసుము లాంటి కనీస విలువ అవసరమన్నది ఒక వాదన. పరిమాణాన్ని సన్నగా సర్దుకునే వీలు పోవడం వల్ల, మానలేని చిన్న ట్రేడర్ తన స్థోమతకు మించిన ఒక్క లాట్‌తోనే ఆడవలసి వస్తుందన్నది ఎదుటి వాదన. రెండోదాన్ని ప్రోగ్రామ్ రాసేవారు బాగా అర్థం చేసుకోగలరు. సగం లాభం రాగానే సగం అమ్మమని రాసిన నియమం ఒక్క లాట్ ఉన్నవాడి దగ్గర పనిచేయదు. 65లో సగం 32 అని పంపితే రిజెక్ట్ అవుతుంది, లాట్లలోకి కిందికి సవరిస్తే సున్నా అవుతుంది, పైకి సవరిస్తే మొత్తం అమ్ముడుపోతుంది. ఈ మూడింటిలో ఏది జరగాలన్నది వ్యూహానికి సంబంధించిన నిర్ణయం. దాన్ని ముందే తీసుకోకపోతే పైథాన్ `int()` ఫంక్షన్ తీసుకుంటుంది.

ఒకే రోజున రెండు లాట్లు

లాట్ మార్పు ఒక రాత్రి అన్ని కాంట్రాక్టులకూ ఒకేసారి వర్తించదు. పాత కాంట్రాక్టులు సాధారణంగా తమ ఎక్స్‌పైరీ దాకా పాత లాట్‌తోనే నడుస్తాయి, కొత్తవి కొత్త లాట్‌తో మొదలవుతాయి. 2024 డిసెంబరు చివరి వారాల్లో డిసెంబరు 26న ముగిసే నిఫ్టీ నెలవారీ కాంట్రాక్టు 25 లాట్‌తోనూ, జనవరి 2న ముగిసే వారం కాంట్రాక్టు 75 లాట్‌తోనూ పక్కపక్కనే ట్రేడ్ అయ్యాయి. కాబట్టి లాట్‌ను నిఫ్టీ లక్షణంగా చూస్తే పొరపాటే; అది ఒక్కొక్క కాంట్రాక్టు లక్షణం.

ఆ రోజుల్లో 25 అని గట్టిగా రాసి ఉన్న ప్రోగ్రామ్ జనవరి 2 కాంట్రాక్టులో ఎలా ప్రవర్తించి ఉంటుందో చూద్దాం. ఒక లాట్ కొనమంటే 25 పంపుతుంది, అది రిజెక్ట్ అవుతుంది. రెండు లాట్లంటే 50 పంపుతుంది, అదీ రిజెక్ట్ అవుతుంది. మూడు లాట్లంటే 75 పంపుతుంది, అది ఏ గొడవా లేకుండా ఆమోదం పొందుతుంది. లాగ్‌లో చూసేవారికి ఇది కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు మొరాయించే బ్రోకర్ సర్వర్ తప్పులా కనిపిస్తుంది. నిజానికి ఇక్కడ అదృష్టానికి చోటే లేదు, మొదటి నుంచి చివరి దాకా ఎక్కమే.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఎదురు దిశలో ఉంది. మార్పు వార్త చదివి ఒకరు కోడ్‌లో 25ను 75గా దిద్దారనుకుందాం. ఇప్పుడు పాత డిసెంబరు 26 కాంట్రాక్టులో ఒక లాట్ కొనమంటే 75 వెళ్తుంది. 75 అనేది 25 గుణిజం కనుక ఎక్స్‌ఛేంజి అభ్యంతరం చెప్పదు. ఒక లాట్ అనుకున్న చోట మూడు లాట్లు వచ్చి కూర్చుంటాయి. రిజెక్ట్ అయిన ఆర్డర్ కనీసం తాను రిజెక్ట్ అయ్యానని చెబుతుంది. ఇది ఆ మాత్రం కూడా చెప్పదు.

75 నుంచి 65కు మారినప్పుడు రెండు సంఖ్యలూ ఒకదాన్నొకటి భాగించవు కాబట్టి ఇలాంటి నిశ్శబ్ద ఆమోదం అరుదు. రెండింటి కనిష్ఠ సామాన్య గుణిజం 975. పాత లెక్కన సరిగ్గా 13 లాట్లు పంపినవారి ఆర్డర్ మాత్రమే కొత్త లెక్కన 15 లాట్లుగా దాటిపోతుంది. మిగిలిన చిన్న ఆర్డర్లన్నీ తిరిగొస్తాయి, అది ఒక రకంగా మేలే.

1800ను 65 భాగించదు

నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా అనిపించే సంగతి ఇది. నిఫ్టీ లాట్ ఈ దశాబ్దంలో 75 నుంచి 50కి, 50 నుంచి 25కు, మళ్లీ 75కు మారింది. ఈ మూడు సంఖ్యలూ 1800ను నిశ్శేషంగా భాగిస్తాయి: వరుసగా 24, 36, 72 లాట్లు. అందుచేత పెద్ద ఆర్డర్‌ను 1800 చొప్పున కోసుకుంటూ పోయే కోడ్ ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పు చేయలేదు. లాట్ గురించి ఏమీ తెలియని ముక్కలు చేసే ఫంక్షన్ కూడా సరిగ్గానే పనిచేసింది. 65 వచ్చాక 1800ను భాగిస్తే 27.69 వస్తుంది. 1800 ఇక చెల్లే ఆర్డర్ కాదు. ఒక్క ఆర్డర్‌లో వెళ్లగలిగే నిజమైన గరిష్ఠం 27 లాట్లు, అంటే 1755.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపి చూద్దాం. ఒక ట్రేడర్ నడిపే వ్యూహంలో దగ్గరి స్ట్రైక్ కాల్ ఆప్షన్‌ను 20 లాట్లు అమ్మి, దూరపు స్ట్రైక్ కాల్ ఆప్షన్‌ను 40 లాట్లు కొంటారు. ఆయన జాగ్రత్తపరుడే, లాట్ సంఖ్యను కోడ్‌లో రాయకుండా, బ్రోకర్ రోజూ ఉదయం విడుదల చేసే ఇన్‌స్ట్రుమెంట్ల ఫైలు నుంచే తీసుకుంటున్నాడు. ముక్కలు చేసే ఫంక్షన్‌లో మాత్రం 1800 అని ఉంది.

2025 డిసెంబరులో లాట్ 75 ఉన్నప్పుడు అమ్మకం 1500. అది ఒకే ఆర్డర్‌గా వెళ్లింది. కొనుగోలు 3000, దాన్ని 1800, 1200 అని రెండు ముక్కలు చేస్తే ఒకటి 24 లాట్లు, రెండోది 16 లాట్లు. అంతా సవ్యం.

2026 జనవరిలో లాట్ 65. అమ్మకం 1300. అది 20 లాట్లే, 1800కు లోపే ఉంది, కాబట్టి ఆమోదం పొందింది. కొనుగోలు 2600. ఫంక్షన్ దాన్ని 1800, 800 అని కోసింది. 1800 చెల్లదు. 800ను 65తో భాగిస్తే 12.3, అదీ చెల్లదు. మొత్తం 65 గుణిజమై, అందులోంచి గుణిజం కాని ముక్కను తీసేస్తే మిగిలేది కూడా గుణిజం కాదన్నది ఇక్కడ దాగిన గణితం. కొనుగోలు ముక్కలు రెండూ తిరిగొచ్చాయి, అమ్మకం మాత్రం నిలిచింది. రక్షణగా ఉండాల్సిన కొనుగోలు లేకుండా 20 లాట్ల నేకెడ్ అమ్మకం ఖాతాలో మిగిలింది. హెడ్జ్ ఉందనుకుని లెక్కవేసిన మార్జిన్ చాలదు, నిఫ్టీ పైకి కదిలితే నష్టానికి పైహద్దు లేదు.

ఆయన ముందురోజు ఒక లాట్ అమ్మి, రెండు లాట్లు కొని పరీక్షించి ఉన్నా ఈ తప్పు బయటపడేది కాదు. 27 లాట్ల లోపు ఆర్డర్‌ను ముక్కలు చేసే అవసరమే రాదు కాబట్టి, చిన్న పరీక్షలన్నీ దాటి పెద్ద ఆర్డర్ దగ్గరే ఇది తలెత్తుతుంది. సరిచేయడం రెండు వరుసల పని. ముందు లాట్లలో కోసి, తర్వాత సంఖ్యలోకి మార్చాలి:

```python
lots_per_slice = freeze_qty // lot_size
slice_qty = lots_per_slice * lot_size
```

1800ను 65తో పూర్ణాంక భాగహారం చేస్తే 27, దాన్ని మళ్లీ గుణిస్తే 1755. 2600 అప్పుడు 1755, 845 అని చీలుతుంది. అంటే 27 లాట్లు, 13 లాట్లు. కొనుగోలు ఆర్డర్లను ముందు పంపి, అది నెరవేరిందని తేలాకే అమ్మకం పంపే క్రమం కూడా ఇక్కడ ముఖ్యమే. కొనుగోలు ముందు ఉండి ఉంటే ఇదే రిజెక్షన్ వల్ల ఆ రోజు ట్రేడ్ జరగకపోవడం తప్ప వేరే నష్టం ఉండేది కాదు.

టిక్ గత నెల ధరను చూస్తుంది, ఇవాళ్టిని కాదు

ధర విషయానికి వస్తే, చాలాకాలం ఎన్‌ఎస్‌ఈ షేర్లన్నిటికీ 5 పైసల టిక్కే ఉండేది. 2024 జూన్‌లో 250 రూపాయల లోపు షేర్లకు ఒక్క పైసా టిక్ వచ్చింది. 2025 ఏప్రిల్ 15 నుంచి ధరల అంతస్తుల పద్ధతి మొదలైంది. 250 లోపు ఒక పైసా, అక్కడి నుంచి 1,000 దాకా 5 పైసలు, 5,000 దాకా 10 పైసలు, 10,000 దాకా 50 పైసలు, 20,000 దాకా ఒక రూపాయి, ఆ పైన 5 రూపాయలు. ఎంఆర్‌ఎఫ్ లాంటి షేరుకు 5 రూపాయల మెట్టు తప్ప మధ్యలో ఏ ధరా చెల్లదు. షేర్ల ఫ్యూచర్స్‌కు ఆ షేరు టిక్కే వర్తిస్తుంది. ఇండెక్స్ ఫ్యూచర్స్‌కు ఇండెక్స్ స్థాయిని బట్టి వేరే మెట్లున్నాయి: 15,000 లోపు 5 పైసలు, 30,000 దాకా 10 పైసలు, ఆ పైన 20 పైసలు. ఆ లెక్కన నిఫ్టీ ఫ్యూచర్‌కు 10 పైసలు, నిఫ్టీ ఆప్షన్‌కు 5 పైసలు. ఒకే ఇండెక్స్ అయినా రెండు టిక్కులు.

ఈ పట్టికను చూడగానే ప్రోగ్రామర్‌కు తోచే పని, ప్రస్తుత ధరను బట్టి టిక్‌ను లెక్కగట్టే చిన్న ఫంక్షన్ రాయడం. అక్కడే పొరపాటు ఉంది. ఏ షేరు ఏ అంతస్తులో ఉందన్నది ఇప్పటి ధరతో తేలదు. గత నెల చివరి ట్రేడింగ్ రోజు ముగింపు ధరతో తేలుతుంది, నెలంతా అదే నిలుస్తుంది.

నెలాఖరున 1,012 దగ్గర ముగిసిన షేరును తీసుకుందాం. దాని టిక్ 10 పైసలు. నెల మధ్యలో అది 986కు పడింది. ప్రోగ్రామ్ ప్రస్తుత ధరను చూసి టిక్ 5 పైసలు అనుకుని 985.65కు కొనుగోలు ఆర్డర్ పంపింది. ఎక్స్‌ఛేంజి దృష్టిలో టిక్ ఇంకా 10 పైసలే, కనుక ఆర్డర్ చెల్లదు. ఇప్పుడు తిరగేసి చూడండి. నెలాఖరున 985 దగ్గర ముగిసిన షేరు 1,015కు పెరిగింది. ప్రోగ్రామ్ 10 పైసల టిక్ అనుకుని 1,014.60 పంపింది. అసలు టిక్ 5 పైసలు, 1,014.60 దానికి కూడా గుణిజమే. ఆర్డర్ దాటిపోయింది. ఈ కారణంగానే ఇలాంటి కోడ్ మార్కెట్ పెరుగుతున్న నెలల్లో నిక్షేపంగా నడిచి, పడుతున్న నెలల్లో మొరాయిస్తుంది. స్టాప్‌లాస్‌లు ఎక్కువగా అవసరపడేవి కూడా ఆ నెలల్లోనే.

ఒక పైసా, 5, 10, 50, రూపాయి, 5 రూపాయలు: ఈ వరుసలో ప్రతి పెద్ద టిక్కూ తనకన్నా చిన్న టిక్కులన్నిటికీ గుణిజం. కాబట్టి పెద్ద టిక్‌కు సవరించిన ధర రిజెక్ట్ కాదు. సందేహం వచ్చినప్పుడు పెద్దదాన్నే వాడమని కొందరు సలహా ఇచ్చేది ఇందుకే. దానికి వెల లేకపోలేదు: 5 పైసలు మెరుగైన ధరకు వరుసలో ముందు నిలబడే అవకాశం పోతుంది. రోజుకు రెండు ఆర్డర్లు పెట్టేవారికి ఇది లెక్కలోకి రాదు. బిడ్, ఆస్క్‌ల మధ్య తేడా మీదే బతికే వ్యూహానికి మాత్రం అదే మొత్తం లాభం కావచ్చు. అసలు పెద్ద టిక్ వల్ల ఒక్కో ధర దగ్గర ఎక్కువ ఆర్డర్లు పోగై మార్కెట్ లోతు పెరుగుతుందనేవారూ, చిన్న టిక్ వల్ల కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య తేడా తగ్గి ఖర్చు దిగుతుందనేవారూ ఉన్నారు. షేరు ధరను బట్టి అంతస్తులు పెట్టడం ఈ రెంటినీ సర్దే ప్రయత్నమే.

ధర సరిగ్గానే ఉన్నా కంప్యూటర్‌కు అలా కనిపించదు

టిక్ తెలిసినంత మాత్రాన సవరణ సరిగ్గా జరుగుతుందని చెప్పలేం. కంప్యూటర్ దశాంశాలను ద్విసంఖ్యలుగా దాచుకుంటుంది, 0.05 అందులో కచ్చితంగా ఇమడదు. పైథాన్‌లో ఈ రెండు వరుసలు వేసి చూస్తే సంగతి తెలుస్తుంది:

```python
>>> 3 * 0.05
0.15000000000000002
>>> 0.15 / 0.05
2.9999999999999996
```

మొదటిది అలాగే పంపితే ధర టిక్ గుణిజం కాదని వెనక్కి రావచ్చు. రెండోది ఇంకాస్త గుట్టుగా చెడగొడుతుంది. దాన్ని కిందికి సవరిస్తే 3 రావలసిన చోట 2 వస్తుంది, 15 పైసల ధర 10 పైసలవుతుంది. ఆర్డర్ రిజెక్ట్ కాదు, తప్పు ధరకు వెళ్తుంది. ఎక్స్‌పైరీ రోజున చిల్లర పైసల్లో ట్రేడ్ అయ్యే ఆప్షన్లలో ఒక టిక్ తేడా అంటే ధరలో మూడో వంతు. ధరలను పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచుకుంటే ఈ గొడవ ఉండదు. లేదా `Decimal` వాడాలి:

```python
from decimal import Decimal, ROUND_FLOOR

def to_tick(price, tick):
    p, t = Decimal(str(price)), Decimal(str(tick))
    return (p / t).to_integral_value(ROUND_FLOOR) * t
```

ఇక ఏ వైపుకు సవరించాలన్న ప్రశ్న. స్టాప్‌లాస్ ఆర్డర్‌లో ట్రిగ్గర్, లిమిట్ అని రెండు ధరలుంటాయి; అమ్మకపు స్టాప్‌లాస్‌లో లిమిట్ ధర ట్రిగ్గర్‌ను మించకూడదు. ఒక ఆప్షన్‌కు ట్రిగ్గర్ 3.04 అని, లిమిట్ దానికి ఒక శాతం కింద 3.01 అని లెక్క వచ్చిందనుకుందాం. ట్రిగ్గర్‌ను కిందికి సవరిస్తే 3.00. మరీ చవగ్గా అమ్ముడుపోకూడదని లిమిట్‌ను పైకి సవరిస్తే 3.05. విడివిడిగా రెండూ చెల్లే ధరలే. కలిపి చూస్తే లిమిట్ ట్రిగ్గర్‌కు పైన ఉంది, ఆర్డర్ తిరిగొస్తుంది. ముందు ట్రిగ్గర్‌ను సవరించి, లిమిట్‌ను ఆ సవరించిన ట్రిగ్గర్ నుంచి ఇన్ని టిక్కులు కింద అని లెక్కవేస్తే ఈ తిరకాసు రాదు. చవకైన ఆప్షన్లలో శాతాలు టిక్ కన్నా చిన్నవైపోతాయి కాబట్టి అక్కడ శాతాల బదులు టిక్కుల్లో ఆలోచించడమే సరైనది.

ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది

నియమం ఎక్స్‌ఛేంజిది, మొదటి కాపలా బ్రోకర్‌ది. చాలా తప్పు ఆర్డర్లు బ్రోకర్ వద్ద జరిగే తనిఖీలోనే ఆగిపోతాయి. ఆర్డర్ వివరాల్లో బ్రోకర్ ఇచ్చిన సంఖ్య ఉండి ఎక్స్‌ఛేంజి ఇచ్చిన ఆర్డర్ సంఖ్య ఖాళీగా ఉంటే అది ఎక్స్‌ఛేంజి దాకా వెళ్లలేదని అర్థం. జెరోధా బ్రోకర్ ఏపీఐ అయిన కైట్ కనెక్ట్‌లో ఈ రెండోదాన్ని `exchange_order_id` అనీ, కారణాన్ని `status_message` అనీ చూపిస్తారు. రోజూ వచ్చే ఇన్‌స్ట్రుమెంట్ల ఫైలులో ప్రతి కాంట్రాక్టుకూ `lot_size`, `tick_size` అనే గడులుంటాయి; ఫ్రీజ్ పరిమాణాన్ని మాత్రం ఎన్‌ఎస్‌ఈ విడిగా ప్రకటించే జాబితా నుంచి తీసుకోవాలి. ఒక హెచ్చరిక: పరిమాణాన్ని సంఖ్యలో అడుగుతున్నారా, లాట్లలో అడుగుతున్నారా అన్నది బ్రోకర్‌ను బట్టి, విభాగాన్ని బట్టి మారుతుంది. ఎంసీఎక్స్ కమోడిటీల్లో లాట్ల సంఖ్యనే పంపించుకునే ఏపీఐలున్నాయి. అక్కడ `lot_size` గడిలో 1 అని కనిపిస్తే అది కాంట్రాక్టు పరిమాణం అనుకోకూడదు.

ఈ తిరస్కరణలకు ఒక ప్రత్యేకత ఉంది. నెట్‌వర్క్ తెగిపోవడం వల్ల విఫలమైన ఆర్డర్, స్థితి సరిచూసుకుని మళ్లీ పంపితే వెళ్లవచ్చు. లాట్‌కు సరిపడక తిరిగొచ్చిన ఆర్డర్‌ను వందసార్లు పంపినా వందసార్లూ తిరిగొస్తుంది. ఈ రెంటికీ తేడా చూడని ప్రోగ్రామ్, విఫలమైతే వెంటనే మళ్లీ ప్రయత్నించమన్న నియమంతో, క్షణాల్లో డజన్ల కొద్దీ ఆర్డర్లు కుమ్మరిస్తుంది. రిటైల్ ఆల్గోల కోసం సెబీ 2025 ఫిబ్రవరిలో తెచ్చిన విధానం కింద ఎక్స్‌ఛేంజీలు సెకనుకు 10 ఆర్డర్ల గీత పెట్టాయి. దాన్ని దాటితే ఆ వ్యూహాన్ని ఎక్స్‌ఛేంజి వద్ద నమోదు చేయించుకోవాలి. చెల్లని ఆర్డర్‌ను పదేపదే పంపి ఆ గీత దగ్గరికి చేరడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తప్పు సంఖ్యను ప్రోగ్రామ్ తనంతట తాను దిద్ది పంపాలా, ఆగి మనిషిని పిలవాలా అన్నదానిపై ఈ పని చేసేవారిలో రెండు పక్షాలున్నాయి. దిద్దమనేవారి మాట: 164.87ను 164.85 చేయడానికి మనిషి నిద్రలేవనక్కర్లేదు. ఆగమనేవారి మాట: 1800ను 1755 చేస్తే మిగిలిన 45 ఎక్కడికి పోయాయో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. నా ఉద్దేశంలో ధరకూ పరిమాణానికీ ఒకే జవాబు ఉండనక్కర్లేదు. ధరలో ఒక టిక్ సవరణను యంత్రానికి వదిలేయవచ్చు. పరిమాణం లాట్‌కు సరిపడలేదంటే లెక్కలో ఎక్కడో పాత సంఖ్య మిగిలి ఉందన్న ఆనవాలు అది, దాన్ని దిద్దేస్తే ఆ ఆనవాలు చెరిగిపోతుంది.

చేతిలో ఇప్పటికే ఉన్న పొజిషన్

చివరిగా, కొత్త ఆర్డర్లకు కాకుండా పాత పొజిషన్లకు వచ్చే ఇబ్బంది ఒకటుంది. నిఫ్టీలో మూడు నెలలకూ ఆరు నెలలకూ ముగిసే దూరపు కాంట్రాక్టులుంటాయి. వాటికి ఎక్స్‌పైరీ దాకా పాత లాట్‌ను కొనసాగనివ్వరు. ఈసారి 2025 డిసెంబరు 30 ముగిసేసరికి వాటి లాట్‌ను 65కు మార్చారు. 75 లాట్ ఉన్న రోజుల్లో 2026 జూన్ ఆప్షన్‌ను ఒక లాట్ కొని ఉంచుకున్నవారి ఖాతాలో ఆ మరునాడు 75 ఉంటుంది, అమ్మగలిగేది 65. మిగిలే 10ని విడిగా అమ్మలేరు. మరికొంత కొని సరిచేద్దామన్నా కొనగలిగేది 65 చొప్పునే కనుక, ఎన్నిసార్లు కొన్నా చివరన ఆ 10 మిగులుతూనే ఉంటుంది. ఇలాంటి మార్పులకు ముందు పొజిషన్లను సర్దుకోమని బ్రోకర్లు నోటీసులు పంపేది ఇందుకే. అన్ని పొజిషన్లనూ మూసేయమని ప్రోగ్రామ్‌కు చెప్పినప్పుడు అది ఖాతాలో కనిపించిన 75ను ఉన్నదున్నట్టు అమ్మబోతే ఆర్డర్ మొత్తం తిరిగొస్తుంది, అమ్మగలిగిన 65 కూడా అమ్ముడుపోదు. ఆ ఆర్డర్‌ను 65గా పంపి, మిగిలిన 10ని ఎక్స్‌పైరీ నాటి నగదు పరిష్కారానికి వదిలేసినట్టు వేరే జాబితాలో రాసుకోవడం ఒక్కటే అప్పటికి మిగిలే దారి.